విశేషణమా, క్రియావిశేషణమా? గుర్తింపు ప్రశ్నలు, జవాబులు

చెన్నై, టి. నగర్ శనివారం తెలుగు తరగతి
స్థాయి: ఆరు, ఏడు తరగతుల విద్యార్థులు
సమయం: 50 నిమిషాలు, మార్కులు: 40

సూచనలు

నామవాచకం లేదా సర్వనామం గుణాన్ని, రంగును, సంఖ్యను, పరిమాణాన్ని, స్థితిని తెలిపే పదం విశేషణం. అది ఏ పదాన్ని వివరిస్తుందో ఆ పదాన్ని విశేష్యం అంటారు. పని ఎలా జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎక్కడ జరిగింది, ఎంత జరిగింది అనే ప్రశ్నలకు జవాబిచ్చే పదం క్రియావిశేషణం. ఈ నిర్వచనాలు మీకు కంఠతా వచ్చినవే కాబట్టి వాటిని ఈ పత్రంలో అడగడం లేదు. ప్రతి వాక్యంలోనూ కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న పదం ఏ పదాన్ని పట్టుకొని నిలబడిందో కనిపెట్టడమే మీరు చేయవలసిన పని.

అందువల్ల ప్రతి జవాబులోనూ రెండు భాగాలు ఉండాలి. మొదట ‘విశేషణం’ అనో ‘క్రియావిశేషణం’ అనో రాసి, ఆ తరువాత అది వివరించే పదాన్ని రాయాలి. పేరు మాత్రమే రాసి ఊరుకుంటే సగం మార్కే వస్తుంది. ఈ రెంటిలో దేనికీ చెందని పదం కూడా ఈ పత్రంలో ఒకచోట ఉంది. అది కనిపించినప్పుడు ‘రెండూ కాదు’ అని ధైర్యంగా రాయవచ్చు.

మొదటి భాగం (10 మార్కులు)

1. మెరీనా తీరాన ‘చల్లని’ గాలి వీస్తోంది.
2. మాంబళం స్టేషన్‌లో లోకల్ రైలు ‘నెమ్మదిగా’ ఆగింది.
3. అమ్మమ్మ ‘మెత్తని’ ఇడ్లీలు వండింది.
4. పిల్లలు మెట్లు ‘గబగబా’ ఎక్కారు.
5. నాన్న కోయంబేడు మార్కెట్ నుంచి ‘ఐదు’ కొబ్బరికాయలు తెచ్చారు.
6. తాతయ్య ‘రోజూ’ పార్కులో నడుస్తారు.
7. మా వీధిలో ‘పాత’ ఇల్లు ఒకటి కూల్చేశారు.
8. పనివాళ్లు దాని గోడలను ‘జాగ్రత్తగా’ పడగొట్టారు.
9. ‘తడిసిన’ గొడుగును గుమ్మం బయట పెట్టు.
10. నవంబరులో వాన ‘కుండపోతగా’ కురిసింది.

రెండవ భాగం (6 మార్కులు)

ప్రతి జంటలోనూ ఒకే మాట రెండు రూపాల్లో వచ్చింది. ఏ రూపం ఏమిటో రాయండి.

11. (అ) పూలమ్మే ఆమె మల్లెలతో ‘అందమైన’ మాల కట్టింది. (ఆ) పూలమ్మే ఆమె మల్లెమాలను ‘అందంగా’ కట్టింది.
12. (అ) అన్నయ్యకు ‘స్పష్టమైన’ ఉచ్చారణ ఉంది. (ఆ) అన్నయ్య ప్రతి అక్షరాన్నీ ‘స్పష్టంగా’ పలుకుతాడు.
13. (అ) ‘నిన్నటి’ సాంబారు పాడైంది. (ఆ) సాంబారు ‘నిన్న’ పాడైంది.

మూడవ భాగం (8 మార్కులు)

ఇక్కడ మాట రూపం మారదు, అది చేసే పని మాత్రం మారవచ్చు.

14. (అ) డిసెంబరు కచేరీలకు ‘చాలా’ టికెట్లు అమ్ముడుపోయాయి. (ఆ) గాయని ఈసారి ‘చాలా’ శ్రమించింది. (ఇ) సభలో ‘చాలా’ పెద్ద వేదిక కట్టారు. (ఈ) మృదంగం ‘చాలా’ చక్కగా మోగింది.
15. (అ) కాఫీలో ‘ఎక్కువ’ చక్కెర వేశారు. (ఆ) కాఫీలో చక్కెర ‘ఎక్కువ’ వేశారు.
16. (అ) మేము ‘ముందు’ వరుసలో కూర్చున్నాం. (ఆ) ‘ముందు’ భోజనం చేయండి, తరువాత మాట్లాడుకుందాం.

నాలుగవ భాగం (8 మార్కులు)

ఈ నాలుగు పదాలూ ‘గా’తోనే ముగుస్తాయి. జవాబుతోపాటు కారణాన్ని ఒక వాక్యంలో రాయండి. కారణానికి వేరుగా ఒక మార్కు ఉంటుంది.

17. అక్క గిన్నెలను ‘తెల్లగా’ తోమింది.
18. ఇంటి గోడ ‘తెల్లగా’ ఉంది.
19. పిన్ని బ్యాంకులో ‘మేనేజరుగా’ పనిచేస్తోంది.
20. నువ్వు నిన్న సంగీతం క్లాసుకు ‘వెళ్లావుగా’!

ఐదవ భాగం (8 మార్కులు)

21. కింది పేరాలో ఐదు విశేషణాలు, మూడు క్రియావిశేషణాలు ఉన్నాయి. కాలాన్ని తెలిపే పదాలను వదిలి, మిగిలినవాటిని గుర్తించి రెండు వరుసలుగా రాయండి.

ఆదివారం సాయంత్రం మామయ్య పాండీ బజారుకు త్వరగా బయలుదేరారు. రద్దీ వీధిలో ముసలి వ్యాపారి ఒకరు రంగురంగుల గాలిబుడగలను బిగ్గరగా అరుస్తూ అమ్ముతున్నారు. మామయ్య రెండు ఎర్రని బుడగలు కొని, వాటిని జాగ్రత్తగా పట్టుకొని ఇంటికి నడిచారు.

జవాబులు, వివరణలు

మొదటి భాగంలో 1, 3, 5, 7, 9 విశేషణాలు. వాటి విశేష్యాలు వరుసగా గాలి, ఇడ్లీలు, కొబ్బరికాయలు, ఇల్లు, గొడుగు. మిగిలిన 2, 4, 6, 8, 10 క్రియావిశేషణాలు. అవి వరుసగా ఆగింది, ఎక్కారు, నడుస్తారు, పడగొట్టారు, కురిసింది అనే క్రియలను వివరిస్తాయి.

అనుమానం వచ్చినప్పుడు పదాన్ని వాక్యంలో మరోచోటికి జరిపి చూడండి. రెండవ వాక్యాన్ని ‘నెమ్మదిగా లోకల్ రైలు మాంబళం స్టేషన్‌లో ఆగింది’ అని తిప్పి రాసినా నెమ్మదితనం ఆగడానికే చెందుతుంది, అర్థం చెడదు. మొదటి వాక్యాన్ని మాత్రం ‘చల్లని మెరీనా తీరాన గాలి వీస్తోంది’ అని మారిస్తే చల్లదనం గాలిని వదిలి తీరానికి అంటుకుంటుంది. తెలుగులో విశేషణం తన విశేష్యానికి ముందు ఉండాలి కాబట్టి చోటు మారితే దాని విశేష్యమూ మారిపోతుంది. క్రియావిశేషణానికి ఇంతకంటే స్వేచ్ఛ ఎక్కువ.

ఐదవ వాక్యంలోని ‘ఐదు’ సంఖ్యావాచక విశేషణం, అందులో వివాదమేమీ లేదు. తొమ్మిదవ వాక్యంలోని ‘తడిసిన’ దగ్గరే తరచుగా తప్పు జరుగుతుంది. తడవడం పని కదా, కాబట్టి అది క్రియావిశేషణమే అయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. పదం క్రియ నుంచి పుట్టిన మాట నిజమే కాని, ఇక్కడ అది గొడుగు ఎలాంటిదో చెబుతోంది. ఇలాంటి పదాలను క్రియాజన్య విశేషణాలు అంటారు. వండిన అన్నం, చదివే పిల్ల, రాని బస్సు అనేవన్నీ ఈ కోవకే చెందుతాయి. ‘బాగా తడిసిన గొడుగు’ అని రాస్తే ‘తడిసిన’ గొడుగుకు విశేషణమవుతుంది, ‘బాగా’ మాత్రం ఎంతగా తడిసిందో చెబుతూ ‘తడిసిన’ అనే పదాన్ని ఆశ్రయిస్తుంది. ఒకే పదబంధంలో రెండూ పక్కపక్కనే ఉండవచ్చు.

నాలుగు, ఆరు వాక్యాలను కావాలనే ఇచ్చాను. ‘గా’ లేకపోతే క్రియావిశేషణం కాదనే అపోహను ‘గబగబా’, ‘రోజూ’ అనే రెండు మాటలే తీర్చగలవు.

రెండవ భాగంలో ప్రతి జంటలోనూ (అ) విశేషణం, (ఆ) క్రియావిశేషణం. 11లో మాల, కట్టింది. 12లో ఉచ్చారణ, పలుకుతాడు. 13లో సాంబారు, పాడైంది అనేవి వరుసగా అవి వివరించే పదాలు. ‘అందం’ వంటి నామవాచకానికి ‘ఐన’ చేరితే విశేషణం, ‘గా’ చేరితే క్రియావిశేషణం ఏర్పడతాయి. బడిలో తమిళం చదివే మీకు అళగాన, అళగాగ అనే రూపాలు తెలిసే ఉంటాయి కాబట్టి ఈ సూత్రం కొత్తగా అనిపించదు. పదమూడవ జంటను మాత్రం నిదానంగా చదవాలి. ‘నిన్నటి సాంబారు పాడైంది’ అన్నప్పుడు సాంబారు నిన్న కాచినదని తెలుస్తుంది గాని అది ఎప్పుడు పాడైందో తెలియదు. ‘సాంబారు నిన్న పాడైంది’ అన్నప్పుడు పాడైన రోజు తెలుస్తుంది గాని దానిని ఎప్పుడు కాచారో తెలియదు.

పద్నాలుగవ ప్రశ్నలో (అ) విశేషణం, విశేష్యం టికెట్లు. (ఆ) క్రియావిశేషణం, అది వివరించే క్రియ శ్రమించింది. (ఇ)లో ‘చాలా’ అనే పదం ‘పెద్ద’ అనే విశేషణాన్ని, (ఈ)లో ‘చక్కగా’ అనే క్రియావిశేషణాన్ని బలపరుస్తోంది. ఇలా విశేషణానికీ క్రియావిశేషణానికీ మోతాదు తెలిపే పదాన్ని కూడా క్రియావిశేషణంగానే లెక్కిస్తారు. (ఇ)కి విశేష్యం ‘వేదిక’ అని రాసినవారు ‘చాలా వేదిక’ అని ఒకసారి పైకి చదివి చూడండి, పొసగదని చెవికే తెలుస్తుంది.

పదిహేనవ ప్రశ్నలో (అ) విశేషణం, విశేష్యం చక్కెర. (ఆ) క్రియావిశేషణం, క్రియ వేశారు. కాఫీ తాగేవారికి రెండు వాక్యాల్లోనూ తీపి ఒకటే కాబట్టి ఈ తేడా అనవసరమని ఎవరైనా వాదించవచ్చు. వ్యాకరణం మాత్రం పదం నిలిచిన చోటును చూస్తుంది. చక్కెరకు ముందు ఉన్నప్పుడు ‘ఎంత చక్కెర?’ అనే ప్రశ్నకు, క్రియకు ముందు ఉన్నప్పుడు ‘ఎంత వేశారు?’ అనే ప్రశ్నకు అది జవాబు. (ఆ)కు చక్కెర అని రాసి సరైన కారణం చూపినవారికి సగం మార్కు ఇస్తాను. పదహారులో (అ) విశేషణం, విశేష్యం వరుస. (ఆ) క్రియావిశేషణం, క్రియ చేయండి.

పదిహేడు: క్రియావిశేషణం. గిన్నెలను ఎలా తోమిందో ‘తెల్లగా’ చెబుతోంది.

పద్దెనిమిది: క్రియావిశేషణం. ‘గా’ చేరిన రూపం ‘ఉంది’ అనే క్రియను ఆశ్రయించింది. అర్థాన్ని బట్టి చూస్తే తెలుపు గోడ గుణమే కాబట్టి, పదిహేడవ వాక్యానికీ దీనికీ ఉన్న తేడాను గమనించినవారి చూపు చురుకైనదే. అయినా విశేషణ రూపం కావాలంటే ‘తెల్లని గోడ’ అనాలి, ‘తెల్లగా గోడ’ అనే పదబంధం తెలుగులో నిలవదు. ‘ఉంది’తో వచ్చే అందంగా, పొడవుగా, తియ్యగా వంటి రూపాలన్నింటినీ ఈ తరగతిలో క్రియావిశేషణాలుగానే రాయండి.

పంతొమ్మిది: క్రియావిశేషణం. ‘మేనేజరు’ నామవాచకం, దానికి ‘గా’ చేరి ఏ హోదాలో పనిచేస్తోందో తెలిపింది.

ఇరవై: రెండూ కాదు. ‘వెళ్లావు’ సంపూర్ణ క్రియ. దాని చివర చేరిన ‘గా’ అనే మాట ‘కదా’ అనే అర్థాన్నిస్తుంది. ‘వెళ్లావు కదా’ అని మార్చి చదివితే అర్థం చెక్కుచెదరదు. అదే ‘తెల్లగా’ను ‘తెల్ల కదా’ అని మార్చి చదివితే వాక్యం చెడిపోతుంది.

ఇరవై ఒకటి: విశేషణాలు రద్దీ, ముసలి, రంగురంగుల, రెండు, ఎర్రని. క్రియావిశేషణాలు త్వరగా, బిగ్గరగా, జాగ్రత్తగా. ‘రద్దీ’ నామవాచకమే అయినా వీధికి ముందు నిలిచి విశేషణమైంది. ‘రెండు’, ‘ఎర్రని’ అనే రెండింటికీ విశేష్యం బుడగలే, ఒక నామవాచకానికి ఎన్ని విశేషణాలైనా ఉండవచ్చు. ‘బిగ్గరగా’ వివరించేది ‘అరుస్తూ’ అనే అసమాపక క్రియను, ‘అమ్ముతున్నారు’ను కాదు. ‘జాగ్రత్తగా’ కూడా ‘పట్టుకొని’ అనే అసమాపక క్రియకే చెందుతుంది గాని ‘నడిచారు’కు చెందదు. ఈ ప్రశ్నలో పదాలను గుర్తించి సరైన వరుసలో రాస్తే పూర్తి మార్కులు వస్తాయి, అవి వివరించే పదాలను రాయనవసరం లేదు.