సౌదీ అరేబియాలో చెరువుల టెక్నీషియన్ ఉద్యోగానికి దరఖాస్తు

భీమవరం,
12 జనవరి 2026

ఉత్పత్తి విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. జిజాన్ తీరంలోని మీ వనామి ఫారంలో చెరువుల టెక్నీషియన్ కావాలన్న ప్రకటన చూశాను. పని చేయాల్సింది ఎక్కువగా గోదావరి జిల్లాల నుంచి వచ్చిన కుర్రాళ్లతో కాబట్టి లేఖ తెలుగులోనే రాయమన్నారు. నేనూ ఆ జిల్లాలవాణ్నే, మాది వీరవాసరం మండలం. ముత్తుకూరు మత్స్య కళాశాలలో 2022లో బీఎఫ్ఎస్సీ పూర్తిచేశాను. అప్పటి నుంచి భీమవరం చుట్టుపక్కల 28 చెరువులు, 46 ఎకరాల సాగును చూసుకుంటున్నాను.

నా పని ఎలా ఉంటుందో ఒక సంగతి చెబితే తెలుస్తుంది. కిందటి వేసవిలో ఒక చెరువులో 55వ రోజున విసురువల వేస్తే, పైకొచ్చిన రొయ్యల్లో సగం విల్లులా ముడుచుకుపోయి మళ్లీ సాగడం లేదు. తోక కండ పాలిపోయి తెల్లగా కనిపించింది. యాంటీబయోటిక్ వేసేద్దామని రైతు తొందరపడ్డారు. నాకది జబ్బులా అనిపించలేదు. రొయ్య పొట్టలో మేత నిండుగా ఉంది, మొప్పలు శుభ్రంగా ఉన్నాయి. బోరు నీటి చెరువు, ఉప్పు 4 పీపీటీ. ఒక్కరోజు ఆగమని రైతును ఒప్పించి నీళ్లు ల్యాబుకు పంపాను. అంత ఉప్పున్న నీటిలో పొటాషియం 40 పీపీఎం పైన ఉండాలి, రిపోర్టులో 14 వచ్చింది. ఎకరాకు ఎంత పొటాష్ కావాలో లెక్కగట్టి, నీళ్లలో కరిగించి మూడు విడతలుగా చల్లించాను. ఆ మూడు రోజులూ మేత సగానికి తగ్గించి, ఏరియేటర్లు రాత్రంతా తిప్పించాను. వారం తిరిగేసరికి చెక్ ట్రేలో రొయ్యలు మామూలుగా ఎగిరాయి. ఆ చెరువు 104వ రోజున 52 కౌంట్‌తో పట్టుబడికి వచ్చింది. మందు వేసి ఉంటే జబ్బు కానిదానికి డబ్బు పోవడమే కాదు, ఎగుమతి పరీక్షలో అవశేషాలు బయటపడితే సరుకంతా వెనక్కి వచ్చేది.

మేత, ఆక్సిజన్, పీహెచ్, అమ్మోనియా, చనిపోయిన రొయ్యల లెక్క చెరువు వారీగా రోజూ నోట్‌బుక్‌లో రాసి ఎక్సెల్‌లోకి ఎక్కిస్తాను. ఆక్సిజన్ తెల్లవారుజామున 3 గంటలకు నేనే వెళ్లి చూస్తాను. మొదటి ఏడాది ఆ పని కాపలా మనిషికి వదిలేసి ఒక చెరువులో మూడోవంతు సరుకు పోగొట్టాను. ఆ తర్వాత మళ్లీ ఎవరికీ వదల్లేదు.

మీ దగ్గర నీళ్లు వేరన్న సంగతి నాకు తెలుసు. ఎర్రసముద్రంలో ఉప్పు 40 పీపీటీ దరిదాపుల్లో ఉంటుంది, ఎండకు చెరువులో ఇంకా పెరుగుతుంది. నా అనుభవం ఎక్కువగా 3 నుంచి 8 పీపీటీ నీళ్లలో. చివరి ఏడాది శిక్షణలో నెల్లూరు తీరపు చెరువుల్లో నాలుగు నెలలున్నాను, ఏప్రిల్ నెలాఖరుకు అక్కడ 38 దాకా చూశాను. ఉప్పు, వేడి పెరిగేకొద్దీ నీటిలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది కాబట్టి మేత వేళలు, ఏరియేటర్ గంటలు ఇక్కడి లెక్కతో నడవవని అప్పుడే అర్థమైంది. ఒక పంట కాలం మీ సీనియర్ల వెంట ఉండి నేర్చుకుంటాను. పెద్ద ఫారంలో తెల్లమచ్చ రాకుండా గట్టు నుంచి గట్టుకు మనుషులను, వలలను, బకెట్లను ఎలా కట్టడి చేస్తారో దగ్గరుండి చూడాలన్నది నా బలమైన కోరిక. మా చిన్న చెరువుల్లో పక్క రైతు నీళ్లు వదిలితే మనం చేసేది ఏమీ ఉండదు.

వీసా సంగతి: ప్రస్తుతం నాకు ఏ దేశపు వీసా లేదు, ఇంతవరకు తిరస్కరణ కూడా లేదు. వర్క్ వీసా మీరే ఇప్పించాలి, అది కంపెనీ పేరు మీదే ఉండాలని నా విన్నపం. పాస్‌పోర్టు 2032 వరకు చెల్లుతుంది, అది ఈసీఎన్ఆర్. డిగ్రీకి అపోస్టిల్ అయిపోయింది. మెడికల్ మీరు చెప్పిన వెంటనే చేయించుకుంటాను. ఇక్కడ 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పెళ్లి కాలేదు, ఒక్కణ్నే వస్తాను, క్యాంపులో ఉండటానికి, రెండేళ్ల ఒప్పందానికి సిద్ధం. ఇంట్లో అమ్మానాన్నలు ఒప్పుకున్నారు, చెల్లి వాళ్లతోనే ఉంటుంది.

ఇంగ్లిషులో రిపోర్టులు రాయగలను, హిందీ మాట్లాడతాను, అరబ్బీ రాదు. బయోడేటాతో పాటు గత రెండు పంటల చెరువుల రికార్డు జత చేశాను. అందులో నష్టం వచ్చిన చెరువులు కూడా ఉన్నాయి, ఇంటర్వ్యూలో వాటి గురించే ముందు అడగండి. మీ సమయం ప్రకారం సాయంత్రం 5 తర్వాత ఏ రోజైనా వీడియో కాల్‌కు అందుబాటులో ఉంటాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఎం. సుధీర్