చప్ చప్ ఎక్కాలు

(మూడో తరగతికి. లైను మొదటి సగం టీచర్ అంటుంది, రెండో సగం పిల్లలు అందుకుంటారు. లైను చివర రెండు చప్పట్లు: చప్ చప్!)

రెండో ఎక్కం: కాళ్ళ లెక్క

రెండు ఒకట్లు రెండు, కోడి కాళ్ళు రెండు
రెండు రెళ్ళు నాలుగు, మేక కాళ్ళు నాలుగు
రెండు మూళ్ళు ఆరు, చీమ కాళ్ళు ఆరు
రెండు నాలుగులు ఎనిమిది, సాలీడువి ఎనిమిది
రెండు ఐదులు పది, పీత కాళ్ళు పది
రెండు ఆర్లు పన్నెండు, మూడు మేకలవి పన్నెండు
రెండు ఏళ్ళు పద్నాలుగు, ఏడు కోళ్ళవి పద్నాలుగు
రెండు ఎనిమిదులు పదహారు, రెండు సాలీళ్ళవి పదహారు
రెండు తొమ్మిదులు పద్దెనిమిది, మూడు చీమలవి పద్దెనిమిది
రెండు పదులు ఇరవై, రెండు పీతలవి ఇరవై
పీత వచ్చె, పీత వచ్చె, కాళ్ళు తీయండోయ్!

ఐదో ఎక్కం: పెద్దముల్లు

(ఇది గోడ గడియారమే నేర్పుతుంది. గబగబా అనేయాలి.)

ఒకటి మీద ఐదు, రెండు మీద పది
మూడుకి పదిహేను, నాలుక్కి ఇరవై
ఐదుకి పాతిక, ఆరుకి ముప్పై
ఏడుకి ముప్పై ఐదు, ఎనిమిదికి నలభై
తొమ్మిదికి నలభై ఐదు, పదికి యాభై!

ఏడో ఎక్కం: అందరికీ టెన్షన్ ఇక్కడే

ఏడు ఒకట్లు ఏడు, వారం రోజులు ఏడు
ఏడు రెళ్ళు పద్నాలుగు, నవంబరులో మన పండుగ
ఏడు మూళ్ళు ఇరవై ఒకటి, వినాయకుడి పత్రి ఇరవై ఒకటి
ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది, ఫిబ్రవరికి ఇరవై ఎనిమిది
(లీపు సంవత్సరమా? ఇంకో చప్పట!)
ఏడు ఐదులు ముప్పై ఐదు, పాసు మార్కు ముప్పై ఐదు
ఏడు ఆర్లు నలభై రెండు, బెజవాడ ఎండ నలభై రెండు
ఏడు ఏళ్ళు నలభై తొమ్మిది, ఒక్క పరుగుకి అవుటయ్యాడు!
(చప్పట్లు వద్దు. చేతులు నెత్తిన పెట్టి: అయ్యయ్యో!)
ఏడు ఎనిమిదులు యాభై ఆరు, మన అక్షరాలు యాభై ఆరు
ఏడు తొమ్మిదులు అరవై మూడు, ఒకటి కలిపి చదరంగం ఆడు
ఏడు పదులు డెబ్బై, తాతయ్యకేమో డెబ్బై

తొమ్మిదో ఎక్కం: వేళ్ళ మాయ

(చేతులకి పనుంది కాబట్టి చప్పట్లకి బదులు కాలితో ధన్ ధన్!)

పది వేళ్ళు చాపు, ఎడమ నుంచి లెక్కపెట్టు
తొమ్మిది మూళ్ళు కావాలా? మూడో వేలు మడిచిపెట్టు
ఎడమన రెండు, కుడిన ఏడు: ఇరవై ఏడు!

తొమ్మిది ఒకట్లు తొమ్మిది
తొమ్మిది రెళ్ళు పద్దెనిమిది, ఒకటీ ఎనిమిదీ తొమ్మిది
తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు, రెండూ ఏడూ తొమ్మిది
తొమ్మిది నాలుగులు ముప్పై ఆరు, మూడూ ఆరూ తొమ్మిది
తొమ్మిది ఐదులు నలభై ఐదు, నాలుగూ ఐదూ తొమ్మిది
ఇక్కణ్ణుంచి తిరగబడింది చూడు!
తొమ్మిది ఆర్లు యాభై నాలుగు
తొమ్మిది ఏళ్ళు అరవై మూడు
తొమ్మిది ఎనిమిదులు డెబ్బై రెండు
తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి
తొమ్మిది పదులు తొంభై, చివరి వేలు మడిచెయ్
లాంగ్ బెల్ కొట్టారు, సంచీ తీసుకుని పరిగెత్తెయ్!