ముసురులో వీరయ్య బాబాయి

మంగళగిరి గాలిగోపురం కనిపించేంత దూరంలో నాది టీ దుకాణం. సాయంత్రం అయిదు దాటితే వీరయ్య బాబాయి వచ్చి బల్ల చివర కూర్చుంటాడు.

"విశేషాలేమిటి బాబాయ్?" అంటాను.

"పెద్దగా ఏమీ లేవమ్మా."

కూతురి పెళ్లి కుదిరిన రోజూ అదే మాట. పిన్ని పోయాక తొలిసారి దుకాణానికి వచ్చిన రోజూ అదే మాట. అందుకే ఆ మాటను వదిలేసి మనిషిని చూడటం అలవాటు చేసుకున్నాను. చొక్కాకు నూలు పీచు అంటుకుని ఉంటే మగ్గం ఆడినట్టు. గోళ్ల అంచుల్లో గంజి తెల్లగా ఎండి ఉంటే, పొద్దున్నే వీధిలో పడుగు సాగదీసి గంజి పెట్టినట్టు. చీర దిగిన రోజున మాత్రం అల్లం టీ అడుగుతాడు.

ముసురు పట్టిన వారమంతా ఆయన రాలేదు. వాన తెరిపిచ్చాక వచ్చాడు. పంచెకు మోకాళ్ల దాకా బురద. చొక్కా మీద ఒక్క పీచు లేదు.

"విశేషాలేమిటి బాబాయ్?"

"పెద్దగా ఏమీ లేవమ్మా."

గ్లాసు అందుకున్నాడు గానీ తాగలేదు. వేళ్ల చివరలు నాని, ముడతలు పడి, పాలిపోయి ఉన్నాయి. మగ్గం గుంటలో నీళ్లు తోడిన చేతులవి. గుంటలో కాళ్లు పెట్టి తొక్కితేనే ఆ మగ్గం ఆడేది. నేల నెమ్మెక్కి నీరు ఊరిందంటే నేత ఆగిపోతుంది, నేత ఆగితే కూలీ లేదు. ఈ ఊళ్లో పుట్టినవాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఏమైందని అడిగితే మళ్లీ ఏమీ లేదనే అంటాడు. బాధలో ఉన్న పెద్దమనిషి చేత ఆ మాట రెండోసారి అనిపించడం నాకు ఇష్టం లేదు.

"నూలు తడిసిందా?" అన్నాను.

తలెత్తాడు. "చిలపలు అటక మీద పెట్టాను. అటకే కారింది. షావుకారు తూకం వేసి ఇచ్చిన నూలమ్మా. బూజు పట్టిందంటే నా లెక్కలోనే రాస్తాడు."

ఆయన నోట అన్ని మాటలు ఒక్కసారిగా వినడం నాకు అదే మొదలు.

"వెనక గదిలో గచ్చు పొడిగా ఉంది, ఫ్యానుంది. తీగ కడతాను, తెచ్చి ఆరేయి."

"నీకు ఇబ్బంది కదమ్మా."

"అక్కడ ఖాళీ పాలడబ్బాలు తప్ప ఏమున్నాయి బాబాయ్? చీకటి పడకముందే తీసుకురా."

టీ గటగటా తాగేసి లేచాడు. జేబులో చెయ్యి పెట్టబోతే వద్దన్నాను.

"చీర దిగిన రోజున అల్లం టీతో కలిపి ఇద్దువుగాని."

సైకిలు మీద మూట పెట్టుకుని, పైన పాలిథిన్ కవరు కప్పి తెచ్చాడు. ఒక్కో చిలపా విదిలించి తీగ మీద వేస్తూ, ఈ ఆకుపచ్చ ఏ చీరకో, ఈ కంద రంగు పక్కన ఏ అంచు నప్పుతుందో చెబుతూనే ఉన్నాడు. ముందు నుంచి ఎవరో టీ కోసం రెండుసార్లు కేక వేశారు. ఇంకో చిలప అందుకుని ఆయనకు ఇచ్చాను.