హార్డీ–వైన్‌బర్గ్ సమతుల్యత

ఒకే జన్యువుకుండే వేర్వేరు రూపాలైన యుగ్మవికల్పాల్లో బహిర్గతమైనది తరతరానికీ పెరుగుతూ పోయి, అంతర్గతమైనది క్రమంగా అంతరిస్తుందని చాలామంది అనుకుంటారు. మెండెల్ సూత్రాలు మళ్లీ వెలుగులోకి వచ్చిన కొత్తలో శాస్త్రవేత్తలకూ ఈ చిక్కు ఎదురైంది. 1908లో జన్యుశాస్త్రవేత్త ఆర్.సి. పన్నెట్ దీన్ని గణితవేత్త జి.హెచ్. హార్డీ ముందుంచితే, యుగ్మవికల్పాల నిష్పత్తి తనంతట తాను మారదని ఆయన చిన్నపాటి బీజగణితంతో తేల్చేశాడు. అదే ఏడాది జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ వైన్‌బర్గ్ కూడా విడిగా అదే ఫలితానికి వచ్చాడు.

A బహిర్గత, a అంతర్గత యుగ్మవికల్పాలు. 1000 జీవుల జనాభాలో AA 500, Aa 200, aa 300 ఉన్నాయనుకుందాం. ఒక్కో జీవికి రెండు చొప్పున మొత్తం యుగ్మవికల్పాలు 2000. వాటిలో A 1200, కాబట్టి A వాటా, అంటే పౌనఃపున్యం, p = 0.6; a పౌనఃపున్యం q = 0.4. సంగమం యాదృచ్ఛికంగా జరిగితే తర్వాతి తరంలో జన్యురూపాలు ఇలా ఉంటాయి:

p² + 2pq + q² = 0.36 + 0.48 + 0.16 = 1

జన్యురూపాలు ఒక్క తరంలోనే బాగా మారిపోయాయి. ఇప్పుడు A ఎంతుందో చూడండి: 0.36 + 0.48/2 = 0.6. కదల్లేదు. ఎందుకంటే Aa జీవి తన సంయోగబీజాల్లో సగానికి A, సగానికి a ఇస్తుంది. బహిర్గతత్వం లక్షణం బయటపడటానికి సంబంధించిన సంగతే తప్ప, a సంతతికి చేరకుండా అడ్డుకోదు. ఇక్కడినుంచి జన్యురూపాల నిష్పత్తి కూడా స్థిరపడుతుంది.

ఈ లెక్క నిలవాలంటే జనాభా చాలా పెద్దదిగా ఉండాలి. ఉత్పరివర్తనలు, వలసలు, ప్రకృతి వరణం ఉండకూడదు. సంగమం యాదృచ్ఛికంగా జరగాలి. ఈ చివరి షరతును మిగతావాటితో కలిపేసి చదవకండి. దగ్గరి బంధువుల మధ్య జరిగే అంతఃప్రజననం AA, aa అనే సమయుగ్మజాలను పెంచుతుందే గాని, తనంతట తాను p, q విలువలను మార్చదు.

ఉత్పరివర్తనలు అరుదు కాబట్టి వాటి ప్రభావం ఒక తరంలో కనబడదు. వలస మాత్రం, వచ్చేవారిలో యుగ్మవికల్పాల పౌనఃపున్యం భిన్నంగా ఉంటే, వెంటనే తేడా చూపుతుంది. చిన్న జనాభాలో యాదృచ్ఛికతే చాలు: ఒకే ఒక్క Aa జీవిలో మిగిలిన a, దానికి ఇద్దరే పిల్లలైతే, నాలుగింట ఒక వంతు అవకాశంతో ఆ తరంలోనే మాయమవుతుంది. దీన్ని జన్యు విస్థాపనం అంటారు.

ప్రకృతి వరణం బలమైనదే అయినా అరుదైన అంతర్గత యుగ్మవికల్పం దగ్గర నత్తనడక నడుస్తుంది. q = 0.01 అయితే 10,000 మందిలో ఒక్కరే aa, దాదాపు 198 మంది Aa వాహకులు. వరణానికి దొరికేది ఆ ఒక్కరే. కొడవలి కణ రక్తహీనతలో కథ ఇంకోలా ఉంటుంది. మలేరియా ప్రబలే చోట, ఒక్క హానికర యుగ్మవికల్పమే ఉన్న విషమయుగ్మజాలకు రక్షణ ఎక్కువ కాబట్టి, హానికర యుగ్మవికల్పాన్ని వరణమే జనాభాలో నిలబెడుతుంది. ఇదీ సమతుల్యతే, కానీ హార్డీ–వైన్‌బర్గ్ సమతుల్యత కాదు. ఇక్కడ రెండు ఎదురు బలాలు పనిచేస్తుంటాయి, అక్కడ ఏ బలమూ ఉండదు.