"దాటు" క్రియ: సఖినేటిపల్లి రేవులో తెలుగు నేర్చుకునేవారికి

వాక్యం: పంటు మీద గోదారి ___.

| ఎవరు | నిన్న | ఇప్పుడు | రేపు, రోజూ |
|---|---|---|---|
| నేను | దాటాను | దాటుతున్నాను | దాటుతాను |
| మేము, మనం | దాటాం | దాటుతున్నాం | దాటుతాం |
| నువ్వు | దాటావు | దాటుతున్నావు | దాటుతావు |
| మీరు, వాళ్ళు | దాటారు | దాటుతున్నారు | దాటుతారు |
| అతను | దాటాడు | దాటుతున్నాడు | దాటుతాడు |
| ఆమె, అది | దాటింది | దాటుతోంది | దాటుతుంది |
| అవి | దాటాయి | దాటుతున్నాయి | దాటుతాయి |

పంటు ఎక్కిన ఆవుకీ, పక్కన నిలబడ్డ అమ్మాయికీ రూపం ఒకటే: దాటింది. పెద్దావిడైతే మాత్రం "ఆవిడ దాటారు" అనండి, మర్యాద.

ఎదుటివారినీ కలుపుకుంటే మనం, వారిని వదిలేస్తే మేము, క్రియ మారదు.

కాదనడం నిన్నటికి చాలా తేలిక: అందరికీ "దాటలేదు". రేపటికి మళ్ళీ మనిషిని బట్టి: దాటను, దాటవు, దాటడు, దాటదు, దాటరు.

ఇక్కడ చివర "అండి" చేర్చి పలకండి: "నర్సాపురం వైపు దాటుతున్నానండి."