ప్రశ్న: ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ సమర్థనీయమేనా? అనుకూల, ప్రతికూల వాదనలతో చర్చించండి.

జవాబు: రాజ్యాంగంలోని 15(4), 16(4) అధికరణలు వెనుకబాటుతనాన్ని తొలగించేందుకు ప్రత్యేక ఏర్పాట్లను అనుమతిస్తాయి, అయితే ఆ ఫలాలు అందరికీ సమానంగా అందుతున్నాయా అన్న ప్రశ్నను తెలుగు నేలపై మాదిగ దండోరా ఉద్యమం బలంగా లేవనెత్తింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ఎ, బి, సి, డి వర్గీకరణను 2004లో సుప్రీంకోర్టు కొట్టివేయగా, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6–1 మెజారిటీతో వర్గీకరణకు రాష్ట్రాలకు అధికారం ఉందని తేల్చింది.

ఒకే జాబితాలో ఉన్నంత మాత్రాన కులాలన్నీ ఒకే స్థాయిలో ఉండవని, చదువులో ముందున్నవారితో పోటీపడలేని చిన్న కులాలకు ఉమ్మడి కోటా కాగితాలకే పరిమితమవుతుందని సమర్థకుల వాదన. తెలంగాణ 2025లో 59 కులాలను మూడు గ్రూపులుగా చేసి, 15 శాతాన్ని 1, 9, 5 శాతాలుగా పంచడం ఈ ఆలోచన ఫలితమే.

వ్యతిరేకులు చెప్పేదీ తేలికైనది కాదు. అంటరానితనం ఉపకులం అడిగి రాలేదు. 341వ అధికరణ కింద రాష్ట్రపతి ప్రకటించిన జాబితాను రాష్ట్రాలు విభజించడం ఓట్ల లెక్కలకు దారితీస్తుందని, దళిత ఐక్యతను దెబ్బతీస్తుందని వారి ఆందోళన. ప్రభుత్వ ఉద్యోగాలే తగ్గుతున్నప్పుడు, ఉన్న కొద్దిపాటి వాటాను పంచుకోవడంపై తగవెందుకన్న ప్రశ్నను, నా దృష్టిలో, ఇరుపక్షాలూ తగినంతగా పట్టించుకోలేదు.

తాజా గణాంకాల ఆధారంగా, నిర్ణీత కాలానికి సమీక్షించే షరతుతో అయితే వర్గీకరణ సమర్థనీయమే.