గ్రూప్ హెల్త్ పాలసీ సారాంశం, 2025-26: పైడిభీమవరం ప్లాంటు ఉద్యోగులకు

పాలసీ కాలం 2025 అక్టోబర్ 1 నుంచి 2026 సెప్టెంబర్ 30 అర్ధరాత్రి వరకు. అసలు పాలసీ కాపీ హెచ్‌ఆర్ ఆఫీసులో ఉంది, ఎవరైనా చూడొచ్చు. తేడా వస్తే దానిలో ఉన్నదే చెల్లుతుంది. ఆసుపత్రి మెట్లెక్కేటప్పుడు అవసరమయ్యే సంగతులన్నీ ఇక్కడ రాశాం. ఇంట్లోవాళ్ల చేత కూడా చదివించండి. అడ్మిట్ అయ్యేది మీరైతే, కౌంటర్ దగ్గర నిలబడేది వాళ్లే.

ఎవరికి, ఎంత

నెల జీతం 21,000 రూపాయలు దాటి ఈఎస్ఐ పరిధిలో లేని ఉద్యోగులందరికీ ఈ పాలసీ వర్తిస్తుంది. ఉద్యోగి, భార్య లేదా భర్త, 25 ఏళ్లలోపు ఇద్దరు పిల్లలు, వీళ్లందరికీ కలిపి ఏడాదికి 3 లక్షలు. తల్లిదండ్రులను గానీ అత్తమామలను గానీ చేర్చుకోవచ్చు. ఇటొకరిని అటొకరిని చేర్చడం కుదరదు. వాళ్లకు విడిగా 2 లక్షలు ఉంటుంది, ప్రీమియంలో సగం మీ జీతంలోంచి కట్ అవుతుంది. వాళ్ల ప్రతి క్లెయిమ్‌లో 10 శాతం మీరే భరించాలి.

పెళ్లయినా, బిడ్డ పుట్టినా 30 రోజుల్లోగా హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా తెలపండి. గడువు దాటితే మళ్లీ చేర్చేది రెన్యువల్‌కే.

ఏవి వస్తాయి

కనీసం 24 గంటలు ఇన్‌పేషెంట్‌గా ఉండి చేయించుకున్న వైద్యం వస్తుంది. డయాలసిస్, కీమోథెరపీ, కంటిశుక్లం ఆపరేషన్ లాంటి డే కేర్ చికిత్సలకు ఈ 24 గంటల నిబంధన లేదు. అడ్మిషన్‌కు ముందు 30 రోజులు, డిశ్చార్జ్ తర్వాత 60 రోజులు అదే జబ్బుకు అయిన పరీక్షలు, మందుల బిల్లులు కూడా వస్తాయి. నార్మల్ డెలివరీకి 35,000, సిజేరియన్‌కు 50,000, కంటిశుక్లానికి ఒక్కో కంటికి 30,000, అంబులెన్స్‌కు 2,000 గరిష్ఠ పరిమితి.

ఆసుపత్రి అంటే ఈ పాలసీ లెక్కలో కనీసం 10 పడకలు, 24 గంటలూ డాక్టరు, నర్సులు, సొంత ఆపరేషన్ థియేటర్ ఉండాలి. పది లక్షల జనాభా దాటిన ఊళ్లలో 15 పడకలు ఉండాలి. ఆర్‌ఎంపీ దగ్గర మంచం మీద పడుకోబెట్టి రెండు రోజులు సెలైన్ ఎక్కించినా, ఆ బిల్లు ఏ రూపంలో పెట్టినా రాదు.

రూమ్ రెంట్: ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే

రూమ్ రెంట్ పరిమితి రోజుకు బీమా మొత్తంలో 1 శాతం, ఐసీయూకు 2 శాతం. అంటే మీకు 3,000, 6,000. తల్లిదండ్రులకు 2,000, 4,000. రోజుకు 4,500 గది తీసుకుంటే పైనున్న 1,500 కట్టుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. డాక్టర్ ఫీజు, నర్సింగ్, థియేటర్ ఛార్జీలు కూడా అదే నిష్పత్తిలో తగ్గిపోతాయి.

లెక్క చూడండి. నాలుగు రోజుల గది 18,000 అయితే వచ్చేది 12,000. సర్జన్, థియేటర్, నర్సింగ్ కలిపి 60,000 అయితే వచ్చేది 40,000. గది వల్ల చేతి నుంచి పోయేది మొత్తం 26,000. మందులు, పరీక్షలు, స్టెంట్ లాంటి ఇంప్లాంట్లు, ఐసీయూ ఛార్జీలకు ఈ నిష్పత్తి కోత ఉండదు. వైజాగ్‌కు రిఫర్ అయినప్పుడు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అడ్మిషన్ కౌంటర్‌లో "మా పరిమితి 3,000, ఆ లోపు గది ఇవ్వండి" అని ముందే చెప్పండి. షేరింగ్ గదయినా ఫర్వాలేదు, వైద్యంలో తేడా ఉండదు.

ఏవి రావు

ఓపీ కన్సల్టేషన్, కళ్లద్దాలు, వినికిడి యంత్రాలు, అందం కోసం చేసే సర్జరీలు, సంతానలేమి చికిత్స, ప్రమాదం వల్ల కాని పంటి వైద్యం రావు. కేవలం పరీక్షల కోసం అడ్మిట్ అయితే రాదు. మాత్రలతో ఇంటి దగ్గరే తగ్గే జ్వరానికి అడ్మిట్ అయినా క్లెయిమ్ తిరస్కరిస్తారు. డెంగీ అయితే ఎన్ఎస్1 రిపోర్టు, రోజువారీ ప్లేట్‌లెట్ కౌంట్లు ఫైల్లో ఉండాలి. కుక్క కాటుకు బయట వేయించుకునే ఇంజెక్షన్లు ఓపీ కిందే లెక్క. పాము కాటుకు అడ్మిట్ అయితే వస్తుంది.

గ్లవ్స్, డైపర్లు వంటి 68 రకాల చిల్లర ఖర్చులు కూడా మీవే. మద్యం తాగి చేసుకున్న ప్రమాదానికి ఈ పాలసీలో కవర్ లేదు. కేస్‌షీట్‌లో మద్యం వాసన అని ఒక్క మాట రాసినా, ఆసుపత్రి పోలీసులకు పంపే మెడికో లీగల్ రిపోర్టు, అంటే ఎంఎల్‌సీ కాపీ అడుగుతారు.

వెయిటింగ్ పీరియడ్

ఉద్యోగి, భార్య లేదా భర్త, పిల్లలకు పాత జబ్బులు సహా అన్నీ మొదటి రోజు నుంచే. ప్రసవానికి మాత్రం పాలసీలో చేరిన 9 నెలల తర్వాతే.

తల్లిదండ్రులకు అలా కాదు. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప ఏదీ రాదు. శుక్లాలు, హెర్నియా, వరిబీజం, మొలలు, పిత్తాశయంలో, కిడ్నీలో రాళ్లు, గర్భసంచి తొలగింపు, మోకీలు మార్పిడి, వీటికి 24 నెలలు ఆగాలి. చేరేనాటికే ఉన్న బీపీ, షుగరు, కిడ్నీ జబ్బులకు 36 నెలలు. గతేడాది నుంచి తెగకుండా పాలసీలో ఉన్నవాళ్లకు ఆ కాలం లెక్కలోకి వస్తుంది.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానం వైపు నుంచి వచ్చే వాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అమ్మానాన్నల క్రియాటినిన్ ఎప్పుడైనా ఎక్కువ వచ్చి ఉంటే ఎన్‌రోల్‌మెంట్ ఫారంలో రాసేయండి. రాస్తే 36 నెలలకు డయాలసిస్‌కు దారి ఉంటుంది. దాచి తర్వాత బయటపడితే ఆ క్లెయిమ్‌తో పాటు కవర్ కూడా పోయే ప్రమాదం ఉంది. అలాగే అడ్మిషన్ వేళ డ్యూటీ డాక్టర్ "షుగరు ఎన్నేళ్ల నుంచి?" అని అడిగితే అంచనా చెప్పకండి. కంగారులో "ఎప్పట్నుంచో ఉందండీ, పదేళ్లు" అంటే కేస్‌షీట్‌లోకి అదే ఎక్కుతుంది. మొదటి మందుచీటీ తేదీ చూసి చెప్పండి.

క్యాష్‌లెస్ ఎలా

ముందే అనుకున్న ఆపరేషన్ అయితే 48 గంటల ముందు, అత్యవసరమైతే అడ్మిట్ అయిన 24 గంటల్లోగా, ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే టీపీఏకు తెలపాలి. నంబరు హెల్త్ కార్డు వెనకాల ఉంది. ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందో లేదో అదే ఫోన్లో అడగండి, పాత లిస్టు నమ్మకండి.

ఇన్సూరెన్స్ డెస్కులో హెల్త్ కార్డు, పేషెంట్ ఆధార్, ఉద్యోగి ఐడీ ఇవ్వండి. ప్రీ ఆథరైజేషన్ ఫారంలో డాక్టర్ భాగం ఖాళీగా ఉంటే వెనక్కొస్తుంది, పంపే ముందు ఒకసారి చూడండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం క్యాష్‌లెస్‌పై నిర్ణయం గంటలో, డిశ్చార్జ్ అనుమతి 3 గంటల్లో రావాలి. ఆలస్యం ఎక్కువగా ఆసుపత్రి ఫైనల్ బిల్లు పంపడంలోనే అవుతుంది. డాక్టర్ పొద్దున డిశ్చార్జ్ రాయగానే బిల్లింగ్‌ను కదపండి. మొదటి అప్రూవల్ కొంత మొత్తానికే వస్తుంది, మిగతాది ఫైనల్ బిల్లుతో పెంచుతారు. కట్టిన డిపాజిట్ తిరిగి అడగడం మర్చిపోకండి.

క్యాష్‌లెస్ నిరాకరించినంత మాత్రాన క్లెయిమ్ పోయినట్టు కాదు. డబ్బు కట్టి రీయింబర్స్‌మెంట్ పెట్టొచ్చు.

రీయింబర్స్‌మెంట్

డిశ్చార్జ్ అయిన 15 రోజుల్లోగా ఒరిజినల్స్ హెచ్‌ఆర్‌కు అందాలి: క్లెయిమ్ ఫారం ఎ (మీ సంతకం), బి (ఆసుపత్రి ముద్ర), డిశ్చార్జ్ సమ్మరీ, వివరంగా ఉన్న ఫైనల్ బిల్లు, రశీదులు, ప్రతి మందుల బిల్లుకూ డాక్టర్ చీటీ, రిపోర్టులు, క్యాన్సిల్ చేసిన చెక్కు. లక్ష దాటితే కేవైసీ పత్రాలు. కంటి లెన్స్, స్టెంట్ వేస్తే వాటి స్టిక్కర్ తప్పనిసరి. హైవే మీద ప్రమాదమైతే ఎంఎల్‌సీ లేదా ఎఫ్ఐఆర్. తెల్లకాగితం మీద రాసిచ్చిన రశీదు చెల్లదు. అన్నిటికీ జిరాక్సులు తీసి ఇంట్లో పెట్టుకోండి. డిశ్చార్జ్ తర్వాతి మందుల బిల్లులు, ఆ 60 రోజులు ముగిశాక 15 రోజుల్లో విడిగా పెట్టాలి.

తిరస్కరిస్తే కారణం, పాలసీ క్లాజు నంబరు రాతలో అడగండి. ముందు ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, తృప్తిగా లేకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు. bimabharosa.irdai.gov.in లోనూ, 155255 నంబరులోనూ ఫిర్యాదు తీసుకుంటారు.

ఉద్యోగం మానేస్తే చివరి పనిదినంతో అందరి కవర్ ఆగిపోతుంది. అదే ఇన్సూరెన్స్ కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారాలనుకునేవారు రాజీనామా ఇచ్చిన వారంలోనే హెచ్‌ఆర్‌ను కలవండి. రిలీవింగ్ లెటర్ చేతికొచ్చాక అడిగితే, ఇన్నాళ్లూ పూర్తిచేసిన వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటికి రావచ్చు.